మీ గురించి రెండు మాటలు చెప్పమని పాత సార్‌ని అడిగేదెలా?

ఇంటర్వ్యూలన్నీ అయిపోయాక కొత్త కంపెనీ హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో ఒక ఫారం వస్తుంది. చదువు వివరాలు, పాత కంపెనీల వివరాలు, పీఎఫ్‌కి సంబంధించిన యూఏఎన్ నంబరు, అన్నీ రాశాక చివర్లో రెఫరెన్సుల కోసం రెండు గడులు కనబడతాయి. పేరు, హోదా, ఆఫీసు మెయిల్, ఫోను నంబరు రాయాలి. ఇద్దరిలో కనీసం ఒకరు మీ పై మేనేజరై ఉండాలంటారు. రేపటికల్లా పంపమని తొందర పెడతారు. దాంతో చాలామంది ఫోనులో పాత మేనేజర్ నంబరు వెతికి ఆ గడిలో ఎక్కించి పంపేస్తారు. ఆయనకి తర్వాత చెప్పొచ్చులే అనుకుంటారు. ఆ తర్వాత చెప్పడం మరిచిపోతారు.

వారం తిరక్కుండా ఆ మేనేజర్‌కి తెలియని నంబరు నుంచి ఫోను వస్తుంది. ఆయన మీటింగులో ఉంటాడు, లేదా ఏ లోను కంపెనీయో అనుకుని కట్ చేస్తాడు. వెరిఫికేషన్ ఏజెన్సీ వాళ్లు ఇంకోసారి, మరోసారి ప్రయత్నించి, దొరకలేదని రిపోర్టులో రాసేస్తారు. ఇది ఒక రకం నష్టం. అంతకంటే పెద్ద నష్టం ఆయన ఫోను ఎత్తితే జరుగుతుంది. "ఎవరూ... ఆ, అవునవును, మా దగ్గరే చేసింది. బానే చేసేది" అంటాడు. ఆయన మనసులో ఏ చెడూ లేదు. హఠాత్తుగా అడిగితే గుర్తు రాలేదు, అంతే. కానీ అవతలి వాళ్లకి వినబడేది ఆ తటపటాయింపే. మంచిగా చెప్పడానికి ఏమీ దొరక్క నాన్చుతున్నాడని అనుకుంటారు.

అందుకే ముందుగా అడగడం మర్యాద కోసం మాత్రమే కాదు. ఆయన మాటకు బలం వచ్చేది అడగడంతోనే. అయితే ఎలా అడగాలో తెలియాలంటే, ఆ ఫోనులో ఏం జరుగుతుందో ముందు తెలియాలి.

కొత్త కంపెనీ చేసే పరిశీలనలో రెండు వేర్వేరు పనులుంటాయి. మొదటిది ఉద్యోగ ధ్రువీకరణ. మీరు నిజంగా అక్కడ పనిచేశారా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ హోదాలో, రిలీవింగ్ సక్రమంగా జరిగిందా అనేది పాత కంపెనీ హెచ్‌ఆర్ విభాగాన్ని అడుగుతారు. దీనికి మీ మేనేజర్ అవసరం లేదు. రెండోది రెఫరెన్స్ చెక్. ఇది మీ పని చూసిన మనిషితో మాట్లాడటం. ప్రశ్నలు ఎక్కడైనా దాదాపు ఒకటే. మీకు ఈ వ్యక్తి ఎలా తెలుసు, ఎంతకాలం మీ కింద పనిచేశారు, ఏ పనులు చూసేవారు, దేంట్లో గట్టి, దేంట్లో ఇంకా మెరుగుపడాలి, ఒత్తిడిలో ఎలా ఉంటారు, ఎందుకు మానేశారు. చివర్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది: అవకాశం వస్తే మళ్లీ తీసుకుంటారా? నా లెక్కలో అన్నిటికన్నా బరువైనది ఇదే. ముందు ఎన్ని మెచ్చుకోళ్లు చెప్పినా ఇక్కడ "ఆ... చూడాలి" అన్నారంటే, ఫోను చేసినవాళ్లు దాన్నే రాసుకుంటారు.

కొందరు మేనేజర్లు మాట్లాడటానికే ఒప్పుకోరు. "మా కంపెనీ పాలసీ ఒప్పుకోదు, హెచ్‌ఆర్‌నే అడగమనండి" అంటారు. చాలాసార్లు అది నిజమే. పెద్ద సంస్థల్లో, ముఖ్యంగా విదేశీ మూలాలున్న వాటిలో, తేదీలూ హోదా తప్ప ఏమీ చెప్పొద్దని నియమం ఉంటుంది. దీని వెనక కోర్టుల భయం ఉంది. బ్రిటన్‌లో స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అష్యూరెన్స్ అనే కేసు 1994లో అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. బీమా రంగంలో పనిచేసే ఒకాయన నిజాయితీపరుడు కాడని పాత యజమాని రెఫరెన్సులో రాశారు. దాంతో ఆయనకి ఆ రంగంలో దారులు మూసుకుపోయాయి. రాసినవాళ్లు కక్షతో రాయలేదు, సరిగ్గా ఆరా తీయకుండా రాశారు. ఉద్యోగి గురించి రెఫరెన్స్ ఇచ్చేటప్పుడు తగిన జాగ్రత్త తీసుకోవడం యజమాని బాధ్యత అని కోర్టు తేల్చింది. జాగ్రత్త తప్పితే పరిహారం కట్టాల్సి వస్తుందన్నమాట. అలాంటి చిక్కులెందుకని చాలా సంస్థలు నోరు కట్టేసుకున్నాయి. కాబట్టి పాలసీ పేరు చెప్పినంత మాత్రాన మీ సార్‌కి మీ మీద కోపమని అనుకోనక్కర్లేదు. కంపెనీ మారిన మేనేజర్ అయితే ఒక వెసులుబాటు ఉంటుంది. పాత సంస్థ తరఫున కాకుండా, మీతో పనిచేసిన మనిషిగా సొంత అభిప్రాయం చెప్పడానికి చాలామంది ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఒక సందర్భాన్ని ఊహించుకుని చివరిదాకా చూద్దాం. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ. అందులో ఒకమ్మాయి 2019 జూన్ నుంచి 2022 నవంబరు దాకా క్యూసీ అనలిస్టుగా చేసింది. హెచ్‌పీఎల్‌సీ మీద శాంపిళ్లు నడపడం, స్టెబిలిటీ శాంపిళ్ల ఫలితాలు చూడటం ఆమె పని. తర్వాత వేరే కంపెనీలో చేరింది. ఇప్పుడు ఇంకో కంపెనీలో సీనియర్ అనలిస్ట్ ఉద్యోగానికి చివరి రౌండు దాటింది. ప్రస్తుతం పనిచేస్తున్న చోట ఎవరికీ చెప్పలేదు, చెప్పలేదు కూడా. పాశమైలారంలో తనకి పై మేనేజరుగా ఉన్న సార్ ఇప్పుడు విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో మరో కంపెనీలో ఉన్నారు. మాట్లాడుకుని రెండేళ్లు దాటింది. మధ్యలో సంక్రాంతి, ఉగాది శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ లేవు.

నేరుగా ఫోను చేయాలా, ముందు మెసేజ్ పెట్టాలా? నేనైతే ముందు మెసేజే పెట్టమంటాను. ఫోనులో అడిగితే ఆయన అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పాలి. మనవాళ్లలో ఉన్న మొహమాటానికి కాదనలేక "ఇచ్చుకోమ్మా, దానిదేముంది" అనేస్తారు. మొహమాటంతో ఒప్పుకున్న రెఫరెన్స్ మీకు పనికిరాదు. ఏజెన్సీ ఫోను వచ్చినప్పుడు ఆ అయిష్టం గొంతులో తెలిసిపోతుంది. మెసేజ్ అయితే ఆయన చదువుకుంటారు, మిమ్మల్ని గుర్తు చేసుకుంటారు, వీలవుతుందో కాదో నిదానంగా ఆలోచిస్తారు. ఆమె పెట్టిన మెసేజ్ ఇలా ఉందనుకుందాం.

"నమస్తే సార్. బాగున్నారా? నేను పాశమైలారంలో 2019 నుంచి 2022 దాకా మీ క్యూసీ టీంలో స్టెబిలిటీ చూసిన అనలిస్టుని. ఇప్పుడు ఒక కంపెనీలో సీనియర్ అనలిస్ట్ పోస్టుకి చివరి రౌండు అయింది. నా పని గురించి మాట్లాడగలిగిన మేనేజర్ రెఫరెన్స్ ఒకటి అడిగారు. నా పనిని మీరే దగ్గర నుంచి చూశారు. నా గురించి మంచిగా చెప్పగలనని మీకు అనిపిస్తేనే మీ పేరు ఇస్తాను సార్. వచ్చే వారంలో పది పదిహేను నిమిషాల ఫోను ఉంటుంది. పాలసీ వల్లో, పని ఒత్తిడి వల్లో కుదరకపోతే మొహమాటపడొద్దు సార్, నేను ఇంకొకరిని అడుగుతాను. గురువారం లోపు చెప్తే చాలు."

ఇందులో రెండు విషయాలు పట్టించుకోవాలి. మొదటిది, "మీ నంబరు ఇవ్వొచ్చా" అని ఆమె అడగలేదు. నంబరు ఇవ్వడానికి ఎవరైనా సరేనంటారు. మంచిగా చెప్పగలనని అనిపిస్తేనే అంది. ఈ మాట దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగి, ఈ అమ్మాయి గురించి నేను ఏం చెప్పగలనని తనని తాను అడుగుతాడు. జవాబు రాకపోతే ఆయనే తప్పుకుంటాడు, మీకు మేలే జరుగుతుంది. రెండోది, కాదనడానికి ఆమే దారి చూపించింది. పాలసీ అనో, పని ఎక్కువనో ఆయన చెప్పుకోవచ్చు. దాని వెనక అసలు కారణం ఏమిటని ఎవరూ అడగరు. సీనియర్‌కి పరువు నిలిచే దారి ఇస్తే తప్ప ఆయన "వద్దు" అనే మాట నోటితో అనడు.

వచ్చిన జవాబును చదవడమూ తెలియాలి. "తప్పకుండా అమ్మా, ఎప్పుడు చేస్తారు, ఏం పోస్టు?" అని తిరిగి ప్రశ్న వేశారంటే ఆయన మనసుపెట్టారని అర్థం. "ఓకే" అని ఒక్క మాట వచ్చి ఆగిపోతే, వెంటనే పేరు రాసేయకుండా చిన్న ఫోను చేసి మాట్లాడాలి. "చూద్దాంలే", "అవసరమైతే చెప్పు" అంటే అది కాదనడమే. మెసేజ్ చూసి కూడా మూడు రోజులు పలకకపోతే ఒక్కసారి గుర్తు చేసి, అప్పటికీ పలకకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లాలి. ఎందుకు ఒప్పుకోలేదని నిలదీయడం, ఎంతో పని చేశాను కదా సార్ అని గుర్తుచేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. బలవంతం మీద ఒప్పుకున్నవాళ్లు ఏజెన్సీ ఫోను ఎత్తరు.

ఆమె సార్ మాత్రం గంటలో జవాబిచ్చారు. ఎప్పుడు, ఎవరు చేస్తారని అడిగారు. ఇక్కడితో సగం పనే అయింది. మిగతా సగాన్ని చాలామంది వదిలేస్తారు. రెండేళ్ల కిందటి మనిషి గురించి ఆయనకి మంచి అభిప్రాయం మిగిలి ఉంటుంది కానీ వివరాలు మిగిలి ఉండవు. ఆయన కింద అప్పట్నుంచి ఎంతమంది చేరి వెళ్లారో. కాబట్టి సరేనన్న రోజే ఆమె ఒక చిన్న మెయిల్ పంపింది. చేరిన తేదీ, మానేసిన తేదీ, అప్పటి హోదా రిలీవింగ్ లెటర్‌లో ఉన్నట్టే రాసింది. కొత్త ఉద్యోగంలో ఏం పని చూడాలో రెండు వాక్యాల్లో చెప్పింది. ఫోను చేసే ఏజెన్సీ పేరు, ఏ రోజుల్లో చేయొచ్చు అనేది హెచ్‌ఆర్‌ని అడిగి కనుక్కుని రాసింది. మానేసినప్పుడు చెప్పిన కారణం కూడా రాసింది. ఆ తర్వాత ఒక సంఘటన గుర్తుచేసింది.

ఒక స్టెబిలిటీ శాంపిల్ ఆరు నెలల పరీక్షలో ఫలితం పరిమితి దాటింది. ల్యాబుల్లో దాన్ని ఓఓఎస్ అంటారు. అలాంటప్పుడు ఎవరికీ చెప్పకుండా ఇంకో ఇంజెక్షన్ నడిపి, మంచి ఫలితం వచ్చిందాన్నే చూపించాలనే ప్రలోభం అనలిస్టులకి కలుగుతుంది. మందుల తనిఖీకి వచ్చే అధికారులు ముందుగా కంప్యూటర్లో వెతికేది ఇలాంటి లెక్కలోకి రాని ఇంజెక్షన్ల కోసమే. ఆ రోజు ఆమె మళ్లీ నడపలేదు. సీసాలోని ద్రావణాన్ని పారబోయకుండా అలాగే ఉంచి, తెల్లారి షిఫ్టుకి సార్ రాగానే క్రోమటోగ్రామ్ తీసుకెళ్లి చూపించింది. దర్యాప్తు పద్ధతి ప్రకారం మొదలైంది. మెయిల్‌లో ఇదంతా కథలా చెప్పలేదు. "2021లో ఆరు నెలల స్టెబిలిటీ ఓఓఎస్ వచ్చినప్పుడు మీ దగ్గరికి తెచ్చాను, మీకు గుర్తుండే ఉంటుంది సార్" అని ఒక్క వాక్యం రాసింది. ఆయనకి అంతే చాలు. ల్యాబు, షిఫ్టు, ఆ రోజు తను ఏమన్నాడో అన్నీ కళ్ల ముందుకి వస్తాయి.

ఇలాంటి సంఘటన ఒక్కటి "చాలా కష్టపడుతుంది, సిన్సియర్" లాంటి పది విశేషణాలకంటే ఎక్కువ పనిచేస్తుంది. ఫోను చేసేవాళ్లు రోజూ ఆ విశేషణాలు వింటూనే ఉంటారు. ఏ రంగానికి ఆ రంగంలో నమ్మకం దేని మీద నిలబడుతుందో ఆలోచించి, దానికి తగిన సంఘటన వెతుక్కోవాలి. అకౌంట్స్ అయితే సంవత్సరాంతంలో లెక్క కుదరని రోజు, సాఫ్ట్‌వేర్ అయితే విడుదలకి ముందు రాత్రి బగ్ పట్టుకున్న సందర్భం.

ఒక హద్దు మాత్రం ఉండాలి. ఆయన చెప్పాల్సిన మాటలు మీరు రాసి ఇవ్వకూడదు. జరగనిది జరిగినట్టు గుర్తుచేయకూడదు. హోదా పెంచి చెప్పమని అడగడం చాలామంది చేసే పొరపాటు. హెచ్‌ఆర్ అనలిస్ట్ అంటుంది, మేనేజర్ టీం లీడ్ అంటాడు. రిపోర్టులో ఆ రెండూ పక్కపక్కనే కనబడతాయి. చాలా ఏజెన్సీల రిపోర్టుల్లో రంగులుంటాయి. అన్నీ సరిపోతే పచ్చ, చిన్న తేడాలుంటే నారింజ, పెద్ద తేడాలుంటే ఎరుపు. మానేసిన కారణం దగ్గర కూడా ఇదే జరుగుతుంది. జీతం కోసం మారానని మీరు ఇంటర్వ్యూలో చెప్పి, ఇంట్లో బాగాలేక మానేస్తున్నానని అప్పట్లో సార్‌కి చెప్పి ఉంటే, ఆయన తెలిసిందే చెప్తాడు. అందుకే కారణాన్ని మెయిల్‌లో రాయాలి. ముందు చెప్పింది వేరైతే, ఇప్పుడైనా ఆయనకి నిజం చెప్పడం మేలు.

అందరికీ ఇలాంటి సార్ ఉండడు. నోటీసు పూర్తి చేయకుండా వచ్చేసినవాళ్లు, గొడవ పడి బయటపడ్డవాళ్లు ఏం చేయాలి? ఫారంలో "మేనేజర్" అని ఉన్నంత మాత్రాన చివరి మేనేజరే కానక్కర్లేదు. అంతకు ముందు మీరు ఎవరి కింద చేశారో, ప్రాజెక్టులో ఎవరు పని పంచేవారో, మీ మేనేజర్‌కి పై మేనేజర్ ఎవరో చూసుకోవచ్చు. కొత్త కంపెనీ ఆ మనిషి పేరే కావాలని పట్టుబడితే, "ఆయనతో విడిపోయినప్పుడు నోటీసు విషయంలో తేడా వచ్చింది, మీరు మాట్లాడొచ్చు, వీరితో కూడా మాట్లాడండి" అని హెచ్‌ఆర్‌కి ముందే చెప్పి ఇంకో పేరు ఇవ్వాలి. ముందే తెలిసిన తేడాకి అంత విలువ ఉండదు. ఏజెన్సీ వెతికి పట్టుకున్న తేడా మాత్రం పెద్దగా కనిపిస్తుంది.

స్నేహితుడి నంబరు ఇచ్చి మేనేజర్‌లా మాట్లాడించే వాళ్లున్నారు. దీన్ని నేను గట్టిగా వద్దంటాను. కంపెనీ డొమైన్ ఉన్న ఆఫీసు మెయిల్ అడిగేది, జీమెయిల్ ఇస్తే అనుమానించేది ఇందుకే. పేరు లింక్డ్‌ఇన్‌లో వెతుకుతారు, ల్యాండ్‌లైనుకి చేసి ఆ పేరుతో ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. చేరిన తర్వాత బయటపడ్డా ఉద్యోగం పోతుంది. ఆఫర్ లెటర్‌లోనే పరిశీలన ఫలితానికి లోబడి అని రాసి ఉంటుంది.

ఇప్పుడు పనిచేస్తున్న చోటి మేనేజర్ సంగతి వేరు. చేతికి ఆఫర్ రాకుండా, రాజీనామా పెట్టకుండా ఆయన పేరు ఇవ్వకూడదు. ప్రస్తుత సంస్థని సంప్రదించవచ్చా అనే ప్రశ్న ఫారంలో విడిగా ఉంటుంది. అక్కడ ఇప్పుడే వద్దని గుర్తు పెట్టి, రిలీవ్ అయ్యాక చేసుకోమని చెప్పొచ్చు. కంపెనీలకి ఇది కొత్త కాదు.

కెనడా పీఆర్ కోసం వెళ్లే మన పిల్లలకి ఇంకో రకం అవసరం వస్తుంది. అక్కడ ఫోను కాదు, ఉత్తరం కావాలి. కంపెనీ లెటర్‌హెడ్ మీద హోదా, చేసిన పనులు, వారానికి ఎన్ని గంటలు, జీతం, తేదీలు ఉండి, పై అధికారో హెచ్‌ఆరో సంతకం పెట్టాలి. మన రిలీవింగ్ లెటర్లలో చేసిన పనుల జాబితా సాధారణంగా ఉండదు. అందుకని పాత మేనేజర్‌ని అడుగుతారు. అప్పుడు లెటర్‌హెడ్ వాడే అధికారం ఆయనకి ఉందో లేదో ముందు తెలుసుకోవాలి. లేకపోతే ఆయన్ని ఇబ్బందుల్లో పెట్టినట్టే. దానికి వారం కాదు, నెలల ముందు అడగాలి.

మన అనలిస్ట్ దగ్గరికి వద్దాం. బుధవారం మధ్యాహ్నం ఏజెన్సీ నుంచి సార్‌కి ఫోను వెళ్లింది. ముందే చెప్పి ఉంచింది కాబట్టి ఎత్తారు. గట్టితనం ఏమిటని అడిగితే ఓఓఎస్ సంగతి చెప్పారు. ఇంకా ఏం మెరుగుపడాలని అడిగితే, "రిపోర్టు రాయడంలో నెమ్మది. ప్రతి వాక్యం రెండుసార్లు చూసుకుంటుంది. చివరి ఏడాదికి కొంత వేగం వచ్చింది" అన్నారు. అది నిజం, ఆమెకీ తెలుసు. ఒక్క లోపం కూడా లేదని చెప్పినవాళ్ల కంటే ఇలా చెప్పినవాళ్ల మాటనే నమ్ముతారు. మళ్లీ తీసుకుంటారా అంటే, "ఇవాళ నా దగ్గర ఖాళీ ఉంటే నేనే పిలిచేవాణ్ణి" అన్నారు.

ఆ సాయంత్రం ఆయనే మెసేజ్ పెట్టి ఏమేం అడిగారో చెప్పారు. ఆమె ఫోను చేసి మాట్లాడింది. పది రోజులకి ఆఫర్ ఖాయమైనప్పుడు ఇంకోసారి చెప్పింది. రాకపోయినా చెప్పాల్సిందే, ఎందుకంటే ఆయన తన పేరు అందులో పెట్టారు. ఆయన ఒప్పుకున్నది ఈ ఒక్క ఉద్యోగానికే. వచ్చే ఏడాది ఇంకో ఫారం నింపాల్సి వస్తే ఆయన పేరు రాసే ముందు మళ్లీ అడగాలి. ఈలోగా ఆయన కంపెనీ మారి ఉండొచ్చు, నంబరు మారి ఉండొచ్చు, మాట్లాడకూడదనే పాలసీ ఉన్న చోట చేరి ఉండొచ్చు.